లోను ముందే తీర్చేస్తామంటే పెనాల్టీనా?

ధర్మవరంలో ఉండే మా వదిన, కూతురి పెళ్ళికి తన పేరు మీద 3 లక్షల పర్సనల్ లోను తీసుకుంది. 16 శాతం స్థిర వడ్డీ, 36 నెలలు, నెలకు 10,547 రూపాయల కంతు. 18 కంతులు కట్టాక, పెనుకొండలో అత్తగారి స్థలం అమ్మితే వచ్చిన తన వాటాతో లోను తీర్చేద్దామనుకుంది. మిగిలిన అసలు సుమారు 1,67,800. దాని మీద 4 శాతం ముందస్తు చెల్లింపు ఛార్జీ 6,712, దానికి 18 శాతం జీఎస్టీ 1,208. కలిపి 7,920 అన్నారు.

"పెనాల్టీ కట్టి తీర్చేదానికన్నా అట్లే నడవనీలేమ్మా" అంది వదిన. హిందూపురంలో మా ఇంట్లో కూర్చుని లెక్క వేశాం. మిగిలిన 18 కంతులూ కడితే ఇంకా సుమారు 22,000 వడ్డీ పోతుంది. అంటే పెనాల్టీ మొత్తం కట్టినా 14,000 మిగులుతుంది. కాబట్టి తీర్చడం ఖాయం, తగ్గించమని అడగడమే మిగిలింది.

ముందు ఒప్పందం తీసి చూశాం. ఫ్లోటింగ్ వడ్డీ అయితే, సొంత అవసరానికి తీసుకున్న అప్పు మీద ఈ ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. వదినది స్థిర వడ్డీ, కాబట్టి ఆ దారి లేదు. 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చిన కొత్త లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇస్తారు. అందులో లేని ఛార్జీని మన ఒప్పుకోలు లేకుండా వేయకూడదు. అందులోనూ 4 శాతం ఉంది. కనుక ఇది హక్కు కాదు, విన్నపం.

మేనేజరు గారికి ఇలా రాశాం:

"నా లోను ఖాతా నంబరు, మంజూరు తేదీ, షరతులు పైన రాశాను. 18 కంతులూ గడువులోపే కట్టాను, ఒక్కటీ బౌన్స్ కాలేదు. వేరే బ్యాంకుకు మార్చుకోవడం లేదు, స్థలం అమ్మిన సొంత డబ్బుతోనే తీరుస్తున్నాను. అమ్మకం కాగితం జతచేశాను. ముందస్తు ఛార్జీ పూర్తిగా మాఫీ చేయగలరు, వీలుకాకపోతే సగమైనా తగ్గించగలరు. మీ నిర్ణయాన్ని, కట్టవలసిన మొత్తాన్ని, అది ఏ తేదీ వరకు చెల్లుతుందో రాతపూర్వకంగా తెలపగలరు."

సొంత డబ్బు అన్న మాట ముఖ్యం. ఖాతాదారు వేరే సంస్థకు వెళ్ళిపోతున్నారేమోననే అనుమానం తీరుతుంది. ఒక కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాం. కౌంటరులో "చూస్తాంలేమ్మా" అన్న మాట నమ్మి డబ్బు కట్టలేదు. కట్టేశాక తిరిగి రాబట్టడం కష్టం. జవాబు వచ్చేదాకా నెల కంతు మాత్రం ఆపలేదు.

చివరికి సగం తగ్గించారు. 3,356, జీఎస్టీ 604, మొత్తం 3,960. కట్టిన తర్వాత బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాలోంచి కంతు కోసుకునే ఆదేశాన్ని రద్దు చేయించాం. మరుసటి నెల పాస్‌బుక్ వేయించి చూస్తే కంతు పోలేదు.