మామ్మ చుట్ట... నా సిగరెట్టు

మా మామ్మ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చేది. ఉత్తరాంధ్ర వాళ్లకి ఇది వింత కాదు. అడ్డపొగ అంటారు. కాలే కొస లోపల, కాలని కొస బయట. చిన్నప్పుడు భోగాపురం సంతకి ఆమెతో నడిచి వెళ్తుంటే, సముద్రం వైపు నుంచి గాలి విసిరి కొడుతున్నా ఆ చుట్ట ఆరేది కాదు.

"నోరు కాలదా మామ్మా?" అని అడిగాను ఓసారి.

"గాలికి ఆరిపోద్దిరా బాబూ. పైగా పని సేసుకుంతుంటే బూడిద మీద పడదు. అలవాటైపోనాది, ఏటి కాల్తాది?" అంది.

కాలింది. అంగిట్లో తెల్లటి మచ్చలా మొదలై పుండయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది. మా ప్రాంతంలో ఈ అలవాటు ఎంతగా ఉండేదంటే, అప్పటి శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే తేలారు.

మామ్మ పోయాక ఇంట్లో చుట్ట అనే మాట ఎత్తేవాళ్లం కాదు. అయినా 1986లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సిగరెట్టు మొదలుపెట్టాను. "ఇది చుట్ట కాదు కదా, ఫిల్టరుంది" అని నాకు నేనే చెప్పుకున్నాను. రోజుకి పది. ఇరవయ్యేళ్లు. 2006లో మానేశాను.

ఆ ఇరవయ్యేళ్లలో నా ఊపిరితిత్తుల సంగతి డాక్టరు చెప్పాడు. బయట నేనేం చేశానో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ లెక్క నేనే వేసుకోవాల్సి వచ్చింది. దాని మొదటి సగం నాకు 1998 ఫిబ్రవరిలోనే కనబడింది గానీ, అప్పుడు నా కళ్లకి ఆనలేదు.

మా చిన్న మావయ్య కూలి పనికి పశ్చిమ గోదావరి వలసపోయాడు. జంగారెడ్డిగూడెం దగ్గర ఒక రైతు బ్యారన్లో మంట వేసే పని. చూడ్డానికి వెళ్లాను. బ్యారన్ అంటే ఎత్తయిన ఇటుకల గది. లోపల అంతస్తులు అంతస్తులుగా కర్రలకి కట్టిన పచ్చి ఆకు వేలాడుతూ ఉంటుంది. పొయ్యి నోరు గది బయటికి ఉంటుంది. వేడి ఇనుప గొట్టాల్లో నేల పొడవునా తిరిగి, పొగ చిమ్నీలోంచి పోతుంది. ఆకుకి వేడి తగలాలి, పొగ తగలకూడదు. అదీ వర్జీనియా పొగాకు రహస్యం.

మావయ్య చిన్న అద్దం కిటికీలోంచి థర్మామీటరు చూపించాడు. మొదటి ఒకటిన్నర, రెండు రోజులు సన్న సెగ, వంద డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర. ఆకు పచ్చదనం పోయి పసుపు తేలేది అప్పుడే. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారేదీ అప్పుడే. ఆ తర్వాత వేడి పెంచుకుంటూ పోయి ఆకు రెక్కని ఆరబెట్టాలి. చివరికి 160 డిగ్రీలకి తీసుకెళ్లి నడిమి ఈనెని పెళపెళలాడేలా చేయాలి. మొత్తం ఐదారు రోజులు.

"రాత్రి నిద్రొస్తే?" అన్నాను.

"ఎక్కడి నిద్ర అల్లుడూ! మద్దెలో సెగ పడిపోతే ఆకు నల్లబడిపోద్ది. ఏలంలో ఎవుడూ సూడడు. అందుకే ఓ రెండు దుంగలు ఎక్కువే ఏత్తాం" అన్నాడు.

బ్యారన్ పక్కన ఇంటి ఎత్తున కట్టెల గుట్ట. మామిడి, సుబాబుల్, జీడిమామిడి... వాటితోపాటు సరుగుడు. మా భోగాపురం ఇసుకల్లో పెరిగేలాంటి సరుగుడే. అది చూసి ఇంటి బెంగ పుట్టిందే తప్ప, నా జేబులోని పెట్టెకీ ఆ గుట్టకీ ఉన్న చుట్టరికం తోచలేదు.

ఆ చుట్టరికం ఇదీ. కిలో క్యూరింగ్ ఆకు తయారవ్వాలంటే ఆరేడు కిలోల పచ్చి ఆకు కావాలి. అంటే ఐదారు కిలోల నీరు ఆవిరవ్వాలి. అంత నీటిని ఆవిరి చేయడానికి కావలసిన వేడి, ఒక కిలో ఎండు కట్టెలో దాదాపుగా ఉంటుంది. కానీ మామూలు బ్యారన్లలో కిలో ఆకుకి నాలుగైదు కిలోల కట్టె పడుతుంది. మిగతాదంతా ఏమవుతుంది? కప్పులోంచి, గోడల్లోంచి, చిమ్నీలోంచి పోతుంది. కట్టె పచ్చిదైతే ముందు దాని తడి ఆరడానికే కొంత సెగ ఖర్చవుతుంది. మావయ్య భయంతో వేసే రెండు దుంగలు సరేసరి. కప్పు కింద వేడి పోకుండా పొర వేస్తే, పొయ్యి మారిస్తే, కట్టె బాగా ఎండబెట్టి చీల్చి వాడితే ఖర్చు తగ్గుతుంది. అయితే తగ్గుతుందే తప్ప పోదు.

మరి మామ్మ చుట్ట ఆకుకి ఈ మంట ఎందుకు అక్కర్లేదు? దాన్ని ఎండలోనో, పందిళ్ల కిందో ఆరబెడతారు. కట్టెపుల్ల ఖర్చు లేదు. నిదానంగా ఆరే ఆకులో చక్కెర మిగలదు. ఆ పొగ క్షారగుణంతో ఘాటుగా ఉండి గొంతు పట్టేస్తుంది, లోపలికి పీల్చలేం. నోట్లోనే మత్తు ఎక్కుతుంది. బ్యారన్ ఆకులో చక్కెర నిలిచిపోతుంది కాబట్టి దాని పొగ మెత్తగా ఉంటుంది, గుండెలనిండా పీల్చుకోవచ్చు. అంటే ఆ కట్టెలన్నీ కాలుస్తున్నది పొగని ఊపిరితిత్తుల అడుగుదాకా సుఖంగా దించడానికన్న మాట. ఈ సంగతి అర్థమైన రోజు నాకు మామ్మ మీద జాలి, నా మీద నాకు నవ్వు వచ్చాయి.

నా వాటా లెక్కేశాను. సిగరెట్టులో పొగాకు ముప్పాతిక గ్రాము అనుకుందాం. రోజుకి పది చొప్పున ఇరవయ్యేళ్లకి 73 వేల సిగరెట్లు. ఆకు 55 కిలోలు. దానికి కాలిన కట్టె రెండున్నర క్వింటాళ్లు. నా ఒక్కడిదే అయితే పెద్దగా అనిపించదు. కానీ ఒక్క బ్యారన్లో సీజనుకి మూడు టన్నుల ఆకు దిగిందనుకోండి, పన్నెండు నుంచి పదిహేను టన్నుల కట్టె పోయినట్టే. ప్రపంచం మొత్తానికి పొగాకు కోసం ఏటా 60 కోట్ల చెట్లు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది.

ఇక రెండో సగం... పీకలు. ఆ 73 వేల ఫిల్టర్లు ఏమయ్యాయి?

కొన్నేళ్ల కిందట స్కూలు పిల్లలతో కలిసి ముక్కాం వైపు తీరంలో చెత్త ఏరాం. నీళ్ల సీసాలు, వల ముక్కలు, చెప్పులు ఏరడం తేలికే. పీకలే చంపాయి. ఇసుక రంగులో కలిసిపోతాయి. కాసేపు లెక్కపెట్టి మానేశాం. బీచికొచ్చి తాగేవాళ్లు ఇందరెక్కడున్నారు అనుకున్నాను. తర్వాత తెలిసింది, అన్నీ అక్కడ తాగినవి కావు. హైవే పక్కన టీ బడ్డీ దగ్గర పడేసిన పీక మొదటి వానకి కాలువలోకి, కాలువలోంచి గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోతుంది. ఆటు తిరిగి దాన్ని ఒడ్డున పడేస్తుంది. నేను బడ్డీల దగ్గర విసిరేసినవీ ఇదే దారిన పోయి ఉంటాయి.

"మాస్టారూ, ఇది దూదే కదా, కుళ్లిపోదా?" అని ఒక పిల్ల అడిగింది. నేనూ ఇరవయ్యేళ్లు అలాగే అనుకున్నాను. ఇంటికొచ్చి ఒక పరీక్ష చేశాం. గోళ్ల రంగు తుడిచే ఎసిటోన్ ఒక గాజు గ్లాసులో కొంచెం పోసి, కాల్చని సిగరెట్టు ఫిల్టరు కాగితం తీసి అందులో వేశాం. ఇంకో గ్లాసులో దూది ఉండ. దూది అలాగే ఉంది. ఫిల్టరు జిగురులా కరిగిపోయింది. (మీరూ చేయొచ్చు, నిప్పుకి దూరంగా.) ఫిల్టరు దూది కాదు, సెల్యులోజ్ ఎసిటేట్. చెక్క గుజ్జునే రసాయనాలతో మార్చి తీసిన ప్లాస్టిక్ దారాలు. ఒక్కో ఫిల్టరులో వేల దారాలుంటాయి. వీటిని సూక్ష్మజీవులు అంత తొందరగా ముట్టుకోవు.

పెరట్లో రెండు కుండీల్లో ఇసుక పోసి ఒకదాంట్లో చుట్ట పీక, ఇంకోదాంట్లో సిగరెట్టు పీక పాతాను. వానాకాలం వెళ్లి మళ్లీ వానాకాలం వచ్చాక తవ్వి చూశాను. చుట్ట ఆనవాలు లేదు. సిగరెట్టు పీక కాగితం పోయి, మురికి పట్టిన దారాల కుచ్చు చెక్కుచెదరకుండా మిగిలింది.

దారాలే అయితే కొంత నయం. అవి పట్టుకున్న తారు, నికోటిన్, లోహాలు నీళ్లలో నానగానే వదులుతాయి. అమెరికాలో శాన్‌డియాగో పరిశోధకులు 2011లో కాల్చిన పీకలు నానబెట్టిన నీళ్లలో చేపపిల్లల్ని వదిలారు. లీటరుకి సుమారు ఒక్క పీక లెక్కన నానిన నీళ్లలో నాలుగు రోజుల్లో సగం చేపలు చచ్చిపోయాయి. ఉప్పునీటి చేపలదీ, మంచినీటి చేపలదీ ఒకే గతి. సముద్రంలో లీటరుకి ఒక పీక ఉండదు, నిజమే. కానీ ఎండాకాలం చివర మా గెడ్డల మడుగుల్లో నీళ్లెన్ని ఉంటాయో మా ఊరివాళ్లకి తెలుసు.

మన చట్టం సంగతి చూడండి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్ని నిషేధించారు. చెవి పుల్లలున్నాయి, స్ట్రాలున్నాయి. సిగరెట్టు పెట్టె మీద చుట్టే పల్చటి పొర కూడా ఉంది. పెట్టెలోపల ఉన్న ఫిల్టరు మాత్రం ఆ జాబితాలో లేదు. పీకల సంగతి తేల్చి మార్గదర్శకాలివ్వమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020లోనే కాలుష్య నియంత్రణ మండలికి చెప్పింది. ఈలోగా టీ బడ్డీల ముందు నేల అలాగే ఉంది.

పీకలు ఏరి ఏం చేయాలంటే నా దగ్గరా మంచి జవాబు లేదు. కాలిస్తే విషపు పొగ. పాతితే నా కుండీ సంగతి చెప్పాను కదా. ఆరోజు ముక్కాంలో ఏరినవి ఒక పాత డబ్బాలో పోసి మూత బిగించాను. అది ఇంకా మా వసారాలోనే ఉంది. మూత తీస్తే ఇప్పటికీ అదే కంపు.

మామ్మ చుట్ట మామ్మని తీసుకుపోయింది, తను కూడా పోయింది. నా సిగరెట్టుని నేను మానేసి ఇన్నేళ్లయినా, అది మాత్రం ఎక్కడో ఇసుకలో ఉండే ఉంటుంది.