నొప్పి లేని గడ్డ

హైదరాబాద్ దగ్గరి శేరిగూడలో సాగర్ రోడ్డు పక్కన ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి చుట్టూ హాస్టళ్లు. వృషణాల క్యాన్సర్ మన దేశంలో అరుదే. వస్తే మాత్రం ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య, అంటే ఈ హాస్టల్ వయసులోనే వస్తుంది.

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. వేడినీళ్ల స్నానమయ్యాక వృషణాల సంచి చర్మం వదులవుతుంది. అప్పుడు ఒక్కో వృషణాన్నీ బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య మెల్లగా దొర్లించి చూసుకున్నాడు. వెనకవైపు మెత్తటి తాడులా తగిలేది వీర్యకణాల నాళం. అది అందరికీ ఉండేదే. కానీ వృషణానికే అంటుకుని శనగగింజంత గట్టి గడ్డ తగిలింది. నొక్కినా నొప్పి లేదు. మనకు జబ్బుకు కొలత నొప్పే. పన్ను సలిపితే అర్ధరాత్రైనా లేస్తాం, సలపనిదాన్ని పండగ సెలవుల దాకా వాయిదా వేస్తాం. ఈ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే మొదలవుతుంది.

అతను ఆ వారంలోనే యూరాలజీ డాక్టరును కలవాలి. మొదట సంచికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ తీస్తారు. వరిబీజమైతే వృషణం చుట్టూ నీరు కనిపిస్తుంది. వృషణం లోపలే గట్టి కణితి కనిపిస్తే మాత్రం క్యాన్సర్‌గానే అనుమానించి ముందుకెళ్తారు. రక్తంలో ఆల్ఫా ఫీటో ప్రోటీన్, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ చూస్తారు. అవి మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేనట్టు కాదు. ఆపరేషన్‌కు ముందే రక్తం ఇచ్చి ఉంటే, తర్వాత ఆ అంకెలు ఎంత తగ్గాయో పోల్చుకోవచ్చు.

మిగతా గడ్డలకు సూది గుచ్చి ముక్క తీసినట్టు దీనికి తీయరు. ఎందుకన్నది ఆలోచిస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు వృషణం బిడ్డ మూత్రపిండాల దగ్గరే పుట్టి, తర్వాత సంచిలోకి దిగుతుంది. దిగినా దాని లింఫు దారి మాత్రం పుట్టిన చోటికే, నడుం లోపలి గ్రంథులకే పోతుంది. సంచి చర్మానిది గజ్జల దారి. సంచిలోంచి సూది గుచ్చితే క్యాన్సర్ కణాలకు ఆ రెండో దారి కూడా తెరిచినట్టవుతుంది. అందుకే గజ్జల దగ్గర కోసి, పైన రక్తనాళాల తాడును కట్టేసి, వృషణాన్ని మొత్తంగా తీసి పరీక్షకు పంపుతారు. కడుపుకూ ఛాతీకీ సీటీ స్కాన్ తీస్తే ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

రెండో వృషణం బాగుంటే మగతనానికీ పిల్లలకూ సాధారణంగా అదొక్కటే చాలు. అయినా కీమో అవసరం పడొచ్చు కాబట్టి వీర్యం దాచిపెట్టుకునే సంగతి ముందే అడగాలి. జబ్బు వృషణంలోనే ఉండగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది, పాకాక కూడా చాలామంది కోలుకుంటారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడిదాకా వెళ్లే దూరం కన్నా, ఇంట్లో నాన్నతో ఈ మాట ఎత్తడమే ఆ కుర్రాడికి కష్టం. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆ మాట ఎత్తేదాకా ఆగక్కర్లేదు.