బాపు మోకాళ్లను బట్టి వేసుకున్న ప్రయాణం

మా భిషి డబ్బులు ఈసారి బంగారానికి పోలేదు. అమ్మా బాపులను, పిల్లలను తీసుకొని అందరం ఒక్కసారి విమానమెక్కి వేరే దేశం చూసి రావాలని ఇంట్లో అనుకున్నాం. మొత్తం ఆరుగురం. బాపుకు 68 ఏళ్లు. మిల్లులో, తర్వాత పవర్‌లూమ్ మీద నిలబడి నిలబడి మోకాళ్లు అరిగినయ్. షుగర్ కూడా ఉంది. మళ్లీ ఇట్లాంటి ప్రయాణం ఆయనతో పడుతుందో లేదో తెలియదు. అందుకే ప్లాన్ ఆయన మోకాళ్ల దగ్గరినుంచే మొదలుపెట్టినం.

ఒక ఏజెంటు ఏడు రోజుల్లో మూడు దేశాలు చూపిస్తానన్నాడు. కాగితం చూస్తే రెండు రోజులకోసారి బ్యాగులు సర్దుడు, పొద్దున ఐదున్నరకు బస్సు. షోలాపూర్‌లో షిఫ్టుకు లేచినట్టు అక్కడా లేవాలా అంది మా అమ్మ. ఆ కాగితం పక్కన పెట్టి ఒక్క దేశం, ఒక్క ఊరు, ఒక్క హోటల్ అనుకున్నాం. మలేసియాలోని కౌలాలంపూర్, నాలుగు రాత్రులు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, సుమారు నాలుగున్నర గంటల ప్రయాణం. మన దేశం వాళ్లకు 2026 చివరిదాకా 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఇట్లాంటి రూల్ మారుతుంటది కాబట్టి టికెట్ కొనే ముందు మళ్లీ చూసుకోవాలి. దిగేందుకు మూడు రోజుల లోపల MDAC అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. సర్కారు సైటులో అది ఉచితం. డబ్బులడిగితే అది వేరేవాళ్ల సైటని గుర్తుపట్టొచ్చు.

మన బస్తీల వాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది ఇంకొకటుంది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అనే ముద్ర ఉంటుంది. మలేసియా ఆ ముద్రను చూసే దేశాల లిస్టులో ఉంది. పని కోసం పోతేనే ముందుగా అనుమతి కావాలి, తిరగడానికి పోతే అక్కర్లేదు. కానీ మన విమానాశ్రయంలోనే ఆపి అడగొచ్చు. నా భార్య పాస్‌పోర్టులో ఆ ముద్ర ఉంది. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, చేతి ఖర్చుకు డబ్బులున్నట్టు కాగితం, మూడూ ప్రింటు తీసి ఆమె చేతిలోనే పెట్టినం. కౌంటర్ దగ్గర అవి చూసి పంపించిండ్రు. పాస్‌పోర్టుకు ఇంకా ఆర్నెల్ల గడువు ఉండాలన్నది కూడా ఇంట్లో అందరివీ తీసి చూసుకోవాలి.

ఇక నడక సంగతి. రాత్రి విమానమెక్కితే అక్కడ దిగేసరికి పొద్దున ఏడు. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, అంటే మన ఒంటికి అప్పుడు నాలుగున్నర. నిద్ర ఉండదు. హోటల్‌వాళ్లేమో మధ్యాహ్నం మూడింటికి గాని గది ఇయ్యరు. మొదటిరోజే మనిషి అలిసిపోయేది ఈ ఎనిమిది గంటల్లోనే. మేం రెండు గదుల్లో ఒకదాన్ని ముందురోజు రాత్రి నుంచే బుక్ చేసినం. ఒక గది ఒక రాత్రి అద్దె ఎక్కువైంది. కానీ అమ్మా బాపు దిగంగనే స్నానం చేసి పడుకున్నరు. ఆ రోజుకు ఇంక ఏదీ పెట్టుకోలేదు, రాత్రి జంట టవర్లు తప్ప.

ఆ పెట్రోనాస్ టవర్లు 452 మీటర్ల ఎత్తు, 88 అంతస్తులు. పైకెక్కడానికి టికెట్ ఉంది, సోమవారం మూసేస్తరు. మేం ఎక్కలేదు. కింద పార్కులో చెరువు గట్టున కూర్చుంటే టవర్లు మొత్తం కనబడతయ్, చీకటి పడ్డాక రంగుల ఫౌంటెన్ ఆట ఉచితం. ఎక్కితే ఊరు కనబడుతుంది గాని టవర్లు కనబడవు కదా అన్నడు బాపు.

రెండో రోజు బాటు గుహలు. మేం దిగిన బ్రిక్‌ఫీల్డ్స్ పక్కనే కేఎల్ సెంట్రల్ స్టేషన్, అక్కడ రైలెక్కితే చివరి స్టేషన్ అదే. కొండ ముందు 42.7 మీటర్ల బంగారు రంగు సుబ్రహ్మణ్యస్వామి. గుడికి 272 మెట్లు, చాలా నిటారు. ఎనిమిదింటికల్లా చేరితే ఎండ ఉండదు. నేనూ పిల్లలూ ఎక్కినం. అమ్మా బాపు కిందనే ఉన్న రామాయణ గుహ చూసిండ్రు. అది స్టేషన్ పక్కనే, నేల మీదనే ఉంది, కొద్దిపాటి టికెట్. బయట పెద్ద హనుమంతుడు. కోతులు చేతిలో కవరు కనబడితే గుంజుకుంటయ్, కాబట్టి తినేవి సంచి లోపల పెట్టాలి. పదకొండింటికల్లా గదికి తిరిగొచ్చినం. మధ్యాహ్నం వాన, అందరం పడుకున్నం.

రోజుకు ఒకటే పెద్దది, అదీ పొద్దున గాని సాయంత్రం గాని. ఈ లెక్కన మూడో రోజు ఏదీ పెట్టలేదు, వీధులు తిరిగినం. నాలుగో రోజు గెంటింగ్ కొండకు బస్సులో పోయి, అక్కడ కేబుల్ కారెక్కినం. పైన చల్లగా ఉంటుంది, స్వెటర్ కావాలి.

తిండికి భయపడ్డది అమ్మ. సంచిలో కడక్ జొన్న రొట్టెలు, శేంగా చట్నీ, ఎల్లిపాయ కారం పెట్టింది. రొట్టెలు ఎన్నిరోజులైనా పాడుకావు, వండే పని లేదు. ఊరగాయను చేతిసంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తరు, పెద్ద బ్యాగులోనే పెట్టాలి. మాంసం, పాల వస్తువులు తీసుకపోవద్దు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో అన్నీ మనవాళ్ల హోటళ్లే. అరటాకులో అన్నం, రెండు మూడు కూరలు, రసం, అప్పడం. అన్నం అడిగితే మళ్లీ పెడతరు. మధ్యాహ్నం ఒక్కపూట అక్కడ కడుపునిండా తిని, రాత్రి గదిలో రొట్టె. పొద్దున దోశ గాని, పప్పులో ముంచుకొనే రోటీ చనాయ్ గాని.

కొన్ని మాటలు రాసుకున్నం. ఆయమ్ అంటే కోడి, ఇకాన్ అంటే చేప, లెంబు అంటే ఆవు, బాబి అంటే పంది. కూరగాయల వంటలో కూడా ఎండు రొయ్యల ముద్ద వేస్తరు, నాసి లెమాక్ అన్నం పక్కన కారంలో ఎండు చేపలుంటయ్. శాకాహారం కావలసినవాళ్లు అడిగే తినాలి. వాళ్ల తే తారిక్ చాయ్‌లో చిక్కటి తీపిపాలు పోస్తరు. షుగర్ ఉన్నవాళ్లు “తే ఓ కోసోంగ్” అనాలి, పాలూ చక్కెరా లేని చాయ్ ఇస్తరు. బాపు మొదటిరోజే ఆ మాట నేర్చుకున్నడు.

హోటల్ అద్దె కాక, విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ల పన్ను అక్కడ కట్టాలి. ప్లగ్గులు మన పిన్నులకు పట్టవు, మూడు చదరపు కాళ్ల అడాప్టర్ ఒకటి తీసుకపోవాలి. బాపు మాత్రలను గడియారం మార్చకుండా మన టైం ప్రకారమే వేసినం. ఆయన పాత చేతిగడియారం అందుకే షోలాపూర్ టైంలోనే ఉంచుకున్నడు. ఐదు రోజుల్లో ఒక్కనాడు కూడా నొప్పి మాత్ర అడగలేదు.