ముందు వరుసలు లెక్కపెడదాం

రిగ్రెషన్ ప్రాజెక్టును నలుగురం ఎలా పంచుకోవాలి అనగానే అందరికీ తోచే పద్ధతి ఒకటుంది. ఒకరు డేటా శుభ్రం చేస్తారు, ఒకరు మోడల్ నడుపుతారు, ఒకరు గ్రాఫులు గీస్తారు, ఇంకొకరు రిపోర్టు రాస్తారు. ఈ పంపకం వద్దని నా మనవి. మొదటివారి దగ్గర జరిగిన పొరపాటు తర్వాతి ముగ్గురి కంటా పడదు, ఎందుకంటే శుభ్రం చేసి ఇచ్చిన ఫైలే వాళ్లకు అసలు ఫైలు. పైగా రిగ్రెషన్‌కు ఎలాంటి డేటా ఇచ్చినా ఏదో ఒక జవాబు చెబుతుంది. తప్పు డేటా ఇచ్చినప్పుడు కూడా దశాంశాలతో నిండిన చక్కని పట్టికే వస్తుంది, చూడగానే అనుమానం కలిగించేదేమీ అందులో ఉండదు. అందుకని నా ప్రతిపాదన ఇది: అసలు మోడల్‌ను నలుగురం ముడి ఫైలు నుంచి మొదలుపెట్టి, ఒకరి పని ఒకరు చూడకుండా కడదాం. పంచుకునేది దాని చుట్టూ ఉండే పనిని మాత్రమే.

మనం ఎంచుకున్న డేటాయే దీనికి మంచి సాక్ష్యం. ఆర్‌తో పాటే వచ్చే `airquality` పట్టికలో న్యూయార్క్‌లో 1973 మే నుంచి సెప్టెంబరు దాకా రోజుకొక వరుస చొప్పున 153 వరుసలున్నాయి. ఓజోన్ స్థాయిని ఎండ, గాలి వేగం, ఉష్ణోగ్రత ఎంతవరకు వివరిస్తాయన్నది మన ప్రశ్న. అయితే 37 రోజులకు ఓజోన్ విలువ లేదు, 7 రోజులకు ఎండ విలువ లేదు, వీటిలో 2 రోజులకు రెండూ లేవు. అంటే మొత్తం 42 వరుసల్లో ఏదో ఒక ఖాళీ ఉంది. కింది మోడల్ నడిపితే ఆర్ ఆ 42 వరుసలనూ వదిలేసి 111 వరుసలతోనే లెక్క కడుతుంది.

```r
m <- lm(Ozone ~ Solar.R + Wind + Temp, data = airquality)
nobs(m); df.residual(m); coef(m); summary(m)$r.squared
```

మొదటి సంఖ్య 111, రెండోది 107 రావాలి. గుణకాలు ఎండకు 0.0598, గాలికి -3.334, ఉష్ణోగ్రతకు 1.652, ఆర్-స్క్వేర్ 0.6059. ఇప్పుడు మనలో ఒకరు ఖాళీలను సగటుతో నింపారనుకుందాం. ఓజోన్ సగటు 42.13. ఎండ మండిన రోజైనా, చల్లబడిన రోజైనా ఆ 37 రోజులకూ ఇదే విలువ పడుతుంది కాబట్టి ఉష్ణోగ్రతకూ ఓజోన్‌కూ ఉన్న సంబంధం పలచబడుతుంది. లేని కొలతలు ఉన్నట్టు లెక్కలో చేరడంతో స్టాండర్డ్ ఎర్రర్లను కూడా నమ్మలేం. శుభ్రం చేసే బాధ్యత ఒక్కరిదే అయితే ఈ నిర్ణయం రిపోర్టులో ఒక్క వాక్యంగానైనా కనిపించకపోవచ్చు. నలుగురం విడివిడిగా చేస్తే ఒకరికి 153, మిగతా ముగ్గురికి 111 వస్తాయి, సంగతి అక్కడే బయటపడుతుంది.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు ఒకటుంది. ఎండను చేర్చడం వల్ల మోడల్ ఎంత మెరుగుపడిందో చెప్పాలి కదా. గాలి, ఉష్ణోగ్రత మాత్రమే పెట్టి నడిపితే ఆర్-స్క్వేర్ 0.5687 వస్తుంది, ఎండను కూడా చేర్చితే 0.6059. తేడా 0.0372 అని రాసేయాలనిపిస్తుంది. కానీ మొదటి మోడల్‌కు ఎండ విలువ అక్కర్లేదు కాబట్టి అది 116 రోజులు వాడుకుంది, రెండోది 111 రోజులే వాడింది. అవే 111 రోజుల మీద చిన్న మోడల్‌ను నడిపితే ఆర్-స్క్వేర్ 0.5814, అసలు మెరుగుదల 0.0245. అంటే మొదట కనబడిన పెరుగుదలలో దాదాపు మూడో వంతు ఎండ తెచ్చింది కాదు, ఐదు రోజులు పక్కకు పోవడం వల్ల వచ్చింది. ఈ రెండు మోడళ్లనూ `anova`కు ఇస్తే ఆర్ ఒప్పుకోకుండా ఆగిపోతుంది. రెండు సారాంశాలను పక్కపక్కన పెట్టి కళ్లతో పోల్చేవారిని మాత్రం ఎవరూ ఆపరు.

కాబట్టి ఔట్‌పుట్‌ను పోల్చేటప్పుడు వరుసల సంఖ్యతోనే మొదలుపెడదాం, తర్వాత గుణకాలు, చివరికి ఆర్-స్క్వేర్. తేడా ఎక్కడుందో చూస్తే కారణం కూడా చాలావరకు తెలిసిపోతుంది. వరుసల సంఖ్య కలవకపోతే ఖాళీల దగ్గర వేర్వేరు నిర్ణయాలు జరిగాయి. వరుసలూ ఆర్-స్క్వేరూ కలిసి, ఉష్ణోగ్రత గుణకం ఒక్కరికి మాత్రం 2.974 వచ్చిందంటే వారు ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చుకున్నారు. అది 1.652కు సరిగ్గా 1.8 రెట్లు. అప్పుడు స్థిర పదం కూడా మారుతుంది, గాలి, ఎండల గుణకాలు మాత్రం కదలవు. పైథాన్‌లో చేసేవారికి ఆర్-స్క్వేర్ అనుకోనంత ఎక్కువగా వచ్చి, పట్టికలో `const` వరుస లేకపోతే `add_constant` మరిచిపోయారన్నమాట. `sm.OLS` స్థిర పదాన్ని తనంతట తాను చేర్చదు, అది లేనప్పుడు ఆర్-స్క్వేర్‌ను సగటు నుంచి కాక సున్నా నుంచి లెక్కిస్తుంది. అందుకే ఇద్దరం ఆర్‌లో, ఇద్దరం పైథాన్‌లో చేద్దామంటున్నాను. నలుగురం ఒకే సాఫ్ట్‌వేర్ వాడితే దాని అలవాట్లు అందరికీ ఒకేలా అంటుకుంటాయి.

ఒకే పని నలుగురం చేయడం దండగ కదా అని మీరు అడగవచ్చు. మోడల్ కట్టడానికి పట్టేది కొన్ని లైన్ల కోడ్. ప్రాజెక్టులో కాలం తినేది గ్రాఫులు, వ్యాఖ్యానం, రాత. వాటిని ఎలాగూ పంచుకుంటున్నాం. తనిఖీ ఎంత అవసరమో చూడాలంటే కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రచురించిన పత్రాన్ని తలచుకోవాలి. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి -0.1 శాతమని అందులో ఉంది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ ఆ లెక్కను తిరిగి చేయబోతే అంకెలు కలవలేదు. రచయితల స్ప్రెడ్‌షీట్ తెప్పించి చూస్తే సగటు కట్టిన చోట ఐదు దేశాలు ఎంపికలోకే రాలేదు. 2013లో ఆయన, ఇద్దరు అధ్యాపకులు కలిసి కట్టిన సగటు 2.2 శాతం. అయితే ఆ తేడా అంతా స్ప్రెడ్‌షీట్ జారుబాటుది కాదు. కొన్ని దేశాల కొన్ని సంవత్సరాలను వదిలేయడం, దేశాలకు బరువులు ఇచ్చిన తీరు కూడా అందులో ఉన్నాయి. మనం నేర్చుకోవలసింది ఈ రెండో భాగం నుంచే. కూడిక సరిపోయిందా అన్నది ఒక్కటే తనిఖీ కాదు, ఏది ఉంచాం, ఏది తీశాం, ఎందుకు అన్నవి కూడా పక్కపక్కన పెట్టి చూడాలి.

నలుగురికీ ఒకే అంకె వస్తే అది నిజమైపోతుందా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. కాదు. మన నలుగురికీ 0.6059 వచ్చినంత మాత్రాన సరళరేఖ ఈ డేటాకు తగిందని కాదు. మిగులు విలువలను అంచనాలకు ఎదురుగా గీస్తే వంపు కనబడుతుంది, ఎక్కువ ఓజోన్ ఉన్న రోజుల్ని మోడల్ తక్కువగా అంచనా వేస్తోంది. ఓజోన్‌కు లాగరిథమ్ తీసి చూడాల్సిన అవసరం అక్కడే పుడుతుంది. ఇవి వరుసగా వచ్చే రోజులు కాబట్టి నేటి మిగులుకూ నిన్నటి మిగులుకూ సంబంధం ఉండే అవకాశాన్ని కూడా చూడాలి. అంకెలు కలవడం ఈ ప్రశ్నలకు జవాబు కాదు. ఆ ప్రశ్నలు వేయడానికి ముందు మనమందరం ఒకే మోడల్ గురించి మాట్లాడుతున్నామని తేల్చుకోవడమే దాని పని.

ఇక పంపకం. మోడల్ నలుగురిదీ. అది కలిశాక ఒకరు ఖాళీల సంగతి తీసుకోండి, ముఖ్యంగా ఓజోన్ లేని రోజులు ఎక్కువగా ఏ నెలలో ఉన్నాయో చూడండి. ఒకరు మిగులు విలువల గ్రాఫులు, లాగ్ మోడల్ చూడండి. ఒకరు రోజుల మధ్య సంబంధాన్ని పరీక్షించండి. రిపోర్టు మొదటి ప్రతి నేను రాస్తాను, అందులోని ప్రతి అంకెనూ నేను కాక మరొకరు తమ సొంత ఔట్‌పుట్‌తో సరిచూసి పక్కన పేరు రాయాలి. ఎక్కడైనా అంకెలు కలవకపోతే ఓటింగు వద్దు. ముగ్గురిది ఒకటై ఒకరిది వేరైనా, కారణం దొరికేదాకా ఏ అంకెనూ రిపోర్టులోకి ఎక్కించవద్దు. ఫలితాలు శనివారం సాయంత్రం 6 గంటలకు నలుగురం ఒకేసారి పెడదాం, అంతవరకు ఎవరూ ఎవరికీ కోడ్ పంపవద్దు.