కట్ అయింది, కానీ చేరలేదు

ఖాతాలో డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే, బ్యాంకు "మా వైపు సక్సెస్" అంటుంది, షాపు "మాకు రాలేదు" అంటుంది. విచిత్రం ఏమిటంటే ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు.

సెప్టెంబరు 10న మా మినీ ప్రాజెక్టు బోర్డు, సెన్సార్ల కోసం ఒక ఆన్‌లైన్ షాపులో యూపీఐతో 1,460 రూపాయలు కట్టాను. నలుగురం వేసుకున్న డబ్బు అది. తిరిగి వస్తేగానీ ఇంకోచోట కొనలేం, రివ్యూకి పది రోజులే ఉంది.

మా నాన్న విశాఖ పోర్టులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర పనిచేస్తారు. విషయం చెప్తే, "సరుకు ఓడ దిగి యార్డులో ఉంది, డెలివరీ ఆర్డర్ రాలేదు, అంతేగా?" అన్నారు. సరిగ్గా అంతే. ఇక్కడ ఆ యార్డు పేమెంట్ గేట్‌వే.

నా బ్యాంకు "అయింది" అనే జవాబును గేట్‌వేకి ఆలస్యంగా పంపింది. ఆలోపే షాపు సర్వర్ ఎదురుచూసి ఆర్డర్‌ని మూసేసింది. దాంతో గేట్‌వేలో నా పేమెంట్ `authorized` దగ్గరే ఆగింది. షాపు ఒప్పుకుని తీసుకుంటేనే అది `captured` అవుతుంది. నిర్ణీత గడువులోపు తీసుకోకపోతే, ఎవరూ అడగకుండానే గేట్‌వే డబ్బు వెనక్కి పంపేస్తుంది. ఆటో రిఫండ్ అంటే ఇదే. నాకు 14న వచ్చింది.

రాకపోతే ఏంటి? 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాలో డబ్బు తగ్గి, షాపుకి కన్ఫర్మేషన్ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు డబ్బు దానంతటదే తిరిగి రావాలి. ఇవి క్యాలెండర్ రోజులు, ఆదివారం కూడా లెక్కే. దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం, అదీ ఫిర్యాదు కోసం చూడకుండా ఇవ్వాలి. నా లెక్కలో గడువు 15. డబ్బు 18న వచ్చి ఉంటే పరిహారం 300.

అయితే ఇక్కడో మెలిక ఉంది. షాపు డబ్బు అందుకుని, ఆర్డర్ నంబరు ఇచ్చి, తర్వాత "స్టాక్ లేదు" అని క్యాన్సిల్ చేస్తే అది ఫెయిలైన లావాదేవీ కాదు. పేమెంట్ పూర్తయింది, ఇప్పుడు షాపు కొత్తగా రిఫండ్ పంపాలి. ఆ 100 రూపాయల నియమం దీనికి వర్తించదు.

కాబట్టి ముందు షాపుని అడగాల్సింది "నా డబ్బు ఎప్పుడిస్తారు?" అని కాదు, "నా పేమెంట్ మీ దగ్గర క్యాప్చర్ అయిందా?" అని. కాలేదంటే, యూపీఐ యాప్‌లోని 12 అంకెల రిఫరెన్స్ నంబరుతో బ్యాంకుకి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. అయిందంటే, రిఫండ్ పంపాక దాని రిఫరెన్స్ నంబరు ఇమ్మని షాపునే అడగండి. "ప్రాసెస్‌లో ఉంది" అనే మాటతో బ్యాంకు ఏమీ వెతకలేదు, నంబరుతో వెతకగలదు.