ప్రతీకారం కాదు, కక్షసాధింపు

మా ఆఫీసు విజయవాడలో ఉంది. చల్లపల్లిలో ఒక చిన్న బ్రాంచి ఉంది. అక్కడ పద్నాలుగు మంది పనిచేస్తారు, అందులో తొమ్మిదిమంది ఆడవాళ్లే. మాది చల్లపల్లే కాబట్టి, వేధింపుల పాలసీని తెలుగులో రాసే పని నాకు పడింది. అప్పటిదాకా అది ఇంగ్లిష్‌లో, ఆరు పేజీల్లో, నోటీసు బోర్డు మీద ఎండకి వెలిసిపోతూ ఉండేది. చదివినవాళ్లు ఎవరూ నాకు కనబడలేదు.

మొదటి చిక్కు బ్రాంచి దగ్గరే వచ్చింది. పాలసీలో కమిటీ సభ్యుల పేర్లన్నీ విజయవాడవే. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం అలా ఒప్పుకోదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి ఆఫీసులో, ప్రతి బ్రాంచిలో విడిగా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి సంస్థ నుంచి ఒక మనిషి. ఫిర్యాదు ఇవ్వాలంటే రెండు గంటలు బస్సెక్కాల్సి వస్తే అది ఫిర్యాదు చేసే దారి కాదు కదా. చల్లపల్లికి వేరే కమిటీ వేయించాకే అనువాదం మొదలుపెట్టాను.

తర్వాత ‘అన్‌వెల్‌కమ్’ అనే మాట. చట్టంలో వేధింపు అంటే ఏమిటో ఐదు రకాలుగా చెప్పారు: తాకడం లేదా మీదికి రావడం, లైంగిక కోరిక కోరడం, ఆ అర్థం వచ్చే మాటలనడం, బూతు బొమ్మలు చూపించడం, ఇంకే రకంగానైనా మాటతోగానీ సైగతోగానీ అలా ప్రవర్తించడం. ఐదింటికీ ముందున్న షరతు ఒక్కటే, అది ఆమెకి ఇష్టంలేనిది అయి ఉండాలి. నేను ‘అవాంఛనీయమైన’ అని రాశాను. డ్రాఫ్ట్ చదివిన బ్రాంచి అటెండరమ్మ ఆ మాట దగ్గరే ఆగింది. “ఇష్టంలేదని మనం గట్టిగా చెప్పాలా అమ్మా? మా సారు జోకేస్తే నవ్వి ఊరుకుంటాం, ఉద్యోగం పోతుందని.”

చట్టంలో గట్టిగా వద్దనాలని ఎక్కడా లేదు. నవ్వి ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు. అందుకని వాక్యాన్ని ఇలా మార్చాం: “ఆమెకి ఇష్టంలేని ప్రవర్తన. భయంతోనో మొహమాటంతోనో నవ్వినా, మాట్లాడకుండా ఊరుకున్నా, జవాబు మెసేజ్ పెట్టినా అది ఇష్టమని అర్థం కాదు.” పక్కనే రెండు ఉదాహరణలు పెట్టాం. రాత్రి పదకొండుకి ‘నిద్రపోయావా’ అని పదేపదే వచ్చే మెసేజ్. ఆఫీసు వ్యానులో చెయ్యి వేయడం. వ్యాను ఆఫీసు కాదు కదా అంటారు కొందరు. యాజమాన్యం పెట్టిన వాహనం కూడా చట్టం లెక్కలో పనిచోటే.

అసలు గొడవంతా ‘రిటాలియేషన్’ దగ్గర. డిక్షనరీ ప్రతీకారం అంటుంది. అటెండరమ్మ నవ్వింది. “ప్రతీకారమంటే సినిమాలో హీరో తీర్చుకునేది కదమ్మా. మా దగ్గర జరిగేది కక్షసాధింపు.” ఎలా ఉంటుందని అడిగితే వేళ్లు మడుస్తూ చెప్పింది. ఫిర్యాదు చేసిన పిల్లకి ఆదివారం డ్యూటీలు పడతాయి. కుర్చీ స్టోర్ రూమ్ పక్కకి పోతుంది. టీ టైములో ఎవరూ పిలవరు. సాక్ష్యం చెప్పినామెకి జీతం పెంచరు. అడిగితే, పని సరిగా చేయట్లేదంటారు.

ఇక్కడే చట్టంలో ఒక లోటు ఉంది. ఉద్యోగం పోగొడతానని, ఇబ్బంది పెడతానని వేధింపుతో ముడిపెట్టి బెదిరిస్తే అది తప్పేనని 2013 చట్టం చెబుతుంది. విచారణ సాగుతున్నప్పుడు ఆమె రాతపూర్వకంగా అడిగితే బదిలీ, మూడు నెలల దాకా సెలవు సిఫారసు చేయొచ్చు. ఆరోపణ ఉన్న మనిషి ఆమె పనికి మార్కులు వేయకుండా ఆపొచ్చు. కానీ ఫిర్యాదు అయ్యాక సాగే కక్షసాధింపుని విడిగా పేరుపెట్టి నిషేధించే సెక్షన్ అందులో లేదు. కాలేజీల కోసం యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనల్లో మాత్రం అది ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ల మీద, సాక్షుల మీద కక్ష తీర్చుకోకుండా చూసే బాధ్యత అంతర్గత కమిటీదని రాశారు. ఉద్యోగుల విషయంలో ఆ ఖాళీని నింపాల్సింది కంపెనీ పాలసీయే.

మేం రాసింది ఇది: “ఫిర్యాదు చేసినామెకి, సాక్షికి, సాయం చేసినవాళ్లకి డ్యూటీ, జీతం, సీటు, పని మార్చాలంటే ముందు కమిటీకి కారణం రాసివ్వాలి. విచారణ ముగిశాక ఆరు నెలల దాకా ఇదే రూలు.” పెద్ద మాటలేం లేవు. మామూలుగా బాధితురాలే ‘ఇది కక్షే’ అని నిరూపించుకోవాల్సి వస్తుంది. ఇక్కడ మార్చినవాళ్లే ఎందుకు మార్చారో చెప్పాలి. అనుమానం వస్తే, ఫిర్యాదుకి ముందు మూడు నెలల డ్యూటీ చార్టూ తర్వాత మూడు నెలల చార్టూ పక్కపక్కన పెడితే చాలావరకు కనబడిపోతుంది. టీకి పిలవకపోవడాన్ని మాత్రం ఏ చార్టూ పట్టుకోలేదు.

పాత పాలసీలో బోల్డ్ అక్షరాల్లో ఉన్న ఏకైక వాక్యం, “తప్పుడు ఫిర్యాదు చేస్తే కఠిన చర్య”. చట్టంలో ఆ మాట ఉన్నదే. కానీ నిరూపించలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. సగం మాత్రమే బోర్డెక్కితే, నోరు విప్పబోయే అమ్మాయి అక్కడే వెనక్కి తిరుగుతుంది. రెండో సగాన్నీ అదే సైజులో పెట్టించాను.

ఈ పనిలో ఉండగానే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. చల్లపల్లిలోనే ఒక షాపులో పనిచేస్తుంది. “అక్కా, మా షాపులో ఏడుగురమే. కమిటీ లేదు. ఇబ్బంది పెట్టేది ఓనరే” అంది. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, వెళ్లాల్సింది జిల్లా లోకల్ కమిటీకి. 2022లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. చల్లపల్లి కృష్ణా జిల్లాలోనే ఉంది, జిల్లా కేంద్రం మచిలీపట్నం. ప్రతి మండలంలోనూ ఒక నోడల్ అధికారి ఉండాలని, ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలని చట్టం. జిల్లాలన్నీ ఈ ఏర్పాట్లు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 3న గడువులు పెట్టి మరీ చెప్పింది. ఆన్‌లైన్‌లో అయితే కేంద్రం వాళ్ల షీ-బాక్స్ ఉంది.

ముందు తేదీలు రాయించాను. ఆఖరి సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. ఆమె ఫోన్‌లో మెసేజ్‌లు ఉన్నాయి. తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసింది. ఏ రోజు ఏం జరిగిందో ఒక్కో పేరాగా రాసింది. చూసిన ఇద్దరి పేర్లు వేసింది. నిబంధనల ప్రకారం ఆరు కాపీలు కావాలి కాబట్టి జిరాక్స్ తీయించింది.

“ఓనరుకి ఎప్పుడు తెలుస్తుంది?” అని అడిగింది. ఫిర్యాదు అందాక ఏడు పనిదినాల్లో కమిటీ ఒక కాపీ అతనికి పంపుతుంది, జవాబివ్వడానికి అతనికి పది పనిదినాలు ఉంటాయి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఏడుగురున్న షాపులో వేరే బ్రాంచికి బదిలీ చేసేదెక్కడికి? ఆమె పని చూసే ఇంకో మనిషి ఎవరు? ఆ రెండు రక్షణలూ ఆమెకి పనికిరావు. మిగిలింది సెలవే. అందుకని వేరే కాగితం మీద, విచారణ అయ్యేదాకా సెలవు ఇప్పించమని కమిటీని అడుగుతూ మరో అర్జీ రాసి, ఫిర్యాదుకి జత చేసింది. ఇచ్చినట్టు రసీదు తీసుకుని, దాని మీద తేదీ వేయించుకుంది.