పెళ్లికి తెల్ల కుర్తాయేనా?

మాదాపూర్‌లో ఒకే గదిలో నలుగురం ఉంటున్నాము. అందరమూ మన హాస్టల్ వాళ్లమే. ఇద్దరు ఐటీ కంపెనీల్లో చేరారు, ఇద్దరం పీజీ చదువుతున్నాము. దసరాకి ఆఫీసులో సంప్రదాయ దుస్తుల రోజు, ఆ తర్వాత మాఘమాసపు పెళ్లిళ్లు. అన్నిటికీ కలిపి తలా ఒక్క కుర్తాయే కొనగలము. కనుక ఆ ఒక్కదాని రంగు మాకు చిన్న విషయం కాదు.

తెలుపు, మీగడ రంగు అందమైనవే. కానీ మా బోరునీళ్లలో నాలుగు ఉతుకులకే మాసినట్లు కనిపిస్తాయి. నీలిమందు, గంజి పెట్టే తీరిక మాకు లేదు. పైగా మన పెళ్లిళ్లలో తెల్లని మధుపర్కాలు పెళ్లికొడుకువి. ఇక పసుపు పడిందా, సబ్బు రుద్దగానే ఆ మరక ఎర్రబడుతుంది. సబ్బులోని క్షారానికి పసుపు గుణం అది. నీళ్లతో బాగా జాడించి ఎండలో వేస్తే తెల్లబట్ట మీది పసుపు చాలావరకు వెలిసిపోతుంది. రంగుబట్టనైతే అలా ఎండబెట్టలేము, అసలు రంగే వెలుస్తుంది. అందుకే నలుగు పెట్టే రోజుకు ఆవపువ్వు రంగు కుర్తా మేలు. పసుపు పడినా కనబడదు.

మా మిత్రుని పెళ్లి ముహూర్తం రాత్రి పడింది. శిల్పారామంలోని దుకాణాల్లో ముదురు నీలం, వంగపండు, నెమలికంఠం, మెరూన్ రంగులు చూశాము. ఒక్కొక్క కుర్తానూ దుకాణం బయటి పగటి వెలుతురులో చూసి, మళ్లీ పచ్చని బల్బు కిందకు తెచ్చాము. ఆ బల్బు వెలుగులో నీలం పాలు తక్కువ. అందుకే బయట నీలంగా మెరిసిన కుర్తా అక్కడ నల్లగా కనిపించింది. శుభకార్యానికి నలుపేమిటని పెద్దలు అడుగుతారు కదా! వంగపండు రంగు కూడా మసకబారింది. మెరూన్ మాత్రం రెండు చోట్లా మెరూన్‌గానే ఉంది. రాత్రి పెళ్లికి దానినే తీసుకున్నాము. నెమలికంఠం పగటిపూట పండుగకని రెండోవాడు తీసుకున్నాడు.

కొనేముందు ఇంకొక పరీక్ష ఉంది. తడిపిన తెల్ల రుమాలుతో లోపలి కుట్టు దగ్గర పదిసార్లు రుద్దాలి. లేతగా రంగు అంటితే విడిగా ఉతికితే సరిపోతుంది. రుమాలు ముద్దగా ఎర్రబడితే ఆ కుర్తా వద్దు. చెమటకు లోపలి బనియనూ, పక్కవాడి చొక్కా కూడా రంగు మారతాయి. ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుందంటారు గానీ, సరిగా పట్టని రంగును ఉప్పు కట్టివేయలేదు. ఉతికాక తిరగేసి నీడలోనే ఆరవేయాలి.

నలుగురం నాలుగు రంగులు తీసుకున్నాము. కొలతలు దాదాపు ఒకటే కనుక ఏ ముహూర్తానికి ఏది నప్పితే అది వేసుకుని వెళుతున్నాము. ఇప్పుడు తలా నాలుగు కుర్తాలున్నట్లే లెక్క.